బజారు కంటే డెబ్బై ఎక్కువ

ముప్పై మంది ఆడవాళ్ళు ఒక రేకుల షెడ్డు కింద కూర్చుని ఎండు శనక్కాయలు ఒలుస్తుంటే ఆ చప్పుడు దూరం నుంచి వాన మొదలైనట్లే ఉంటుంది. మా అనంతపురం జిల్లాలో వాన చప్పుడు నేను ఆకాశం నుంచి విన్నదానికంటే ఆ షెడ్డు నుంచి విన్నదే ఎక్కువ. ఇప్పుడు అక్కడ కాయ ఒలిచే రబ్బరు దిమ్మెల యంత్రం ఉంది. అది చాలా బాగా పనిచేస్తుంది, చాలా వికారంగా అరుస్తుంది. దాన్ని కొన్నది నేనే కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు.

కళ్యాణదుర్గంలో మా నాయనకు విత్తనాల మండీ ఉండేది. బోర్ల కింద పండిన మంచి కాయ కొని ఆరబెట్టి, ఏప్రిల్, మే నెలల్లో ఒలిపించి, జూన్ వానలకు మెట్ట రైతులకు విత్తనంగా అమ్మేవాడు. అప్పట్లో మా దగ్గరున్న యంత్రాల్లో వేస్తే గింజ బద్దలయ్యేది, లేకపోతే దాని మీది ఎర్ర పొర చిట్లేది. పొర చిట్లిన గింజ నూనెకు పనికొస్తుంది గానీ నేలలో మొలవదు. అందుకని మా మండీలో విత్తనం కాయ చేత్తోనే ఒలవాలి, చేత్తోనే ఏరాలి. కంబదూరు మొదలుకొని చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ‘చేతి విత్తనం’ అని అడిగి తీసుకుపోయేవాళ్ళు.

నేను అనంతపురంలో బీకాం చదివి, బ్యాంకు పరీక్షలు రాస్తూ, తప్పుతూ, ఇంటికి వచ్చి మండీలో కూర్చున్న రోజులవి. పరీక్షలు తప్పే మనిషికి లోకం మొత్తం తప్పుగా నడుస్తున్నట్లు కనిపిస్తుంది. నాకూ అలాగే మా నాయన మండీ నడిపే తీరంతా తప్పుగా కనిపించేది. అయినా షెడ్డులో కూర్చోవడం మాత్రం ఇష్టం. మధ్యాహ్నం సద్ది మూటలు విప్పితే సంగటి, ఊరుబిండి పచ్చడి వాసన షెడ్డంతా పరుచుకునేది. నేను ఇంట్లో తినేసి వచ్చి కూడా వాళ్ళ దగ్గర ఒక ముద్ద లాక్కునేదాన్ని. “బ్యాంకులో మేనేజరైతే మా ముద్ద గుర్తుంటుందా చిన్నమ్మా?” అని వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ముద్ద ఇప్పటికీ గుర్తుంది. బ్యాంకే నన్ను గుర్తుపట్టలేదు.

షెడ్డులో అందరికంటే పాతామెను మేమందరం పెద్దక్క అనేవాళ్ళం. మండీ పెట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. చాటలో గింజలు పోసి ఒక్కసారి ఎగరేస్తే చిట్లిన గింజ ఎక్కడుందో ఆమె వేళ్ళకు తెలిసిపోయేది. నాకు ఒలవడం నేర్పింది ఆమే. కాయ ముక్కు దగ్గర బొటనవేలు ఆనించి నొక్కాలి. నొక్కితే కాయ రెండుగా విడిపోవాలి, గింజకు గోరు తగలకూడదు. వినడానికి సులభమే. ఒక పూట చేస్తే బొటనవేలు చర్మం లేస్తుంది, రెండో రోజుకు గోరు పక్కన పగులుతుంది. మొదటి రోజు సాయంత్రం నేను ఆ వేలితో అన్నం కలుపుకోలేక స్పూను అడిగితే మా అమ్మ నవ్వి, తనే కలిపి పెట్టింది.

ఈ నొప్పికి ఒక దొంగదారి ఉంది. కాయ మీద కాసిని నీళ్ళు చల్లి, గోనెపట్ట కప్పి, కొంతసేపు ఉంచితే పొట్టు మెత్తబడుతుంది. అప్పుడు వేలికి నొప్పి ఉండదు, పని రెట్టింపు జరుగుతుంది. కానీ ఆ తడి లోపలి గింజకు తగులుతుంది, మూటకెత్తాక లోపల ఉడుకుతుంది. పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ మొలక చచ్చిపోతుంది. అందుకే మా షెడ్డులో ఒకటే నియమం. కాయ తడిపిన మనిషి ఆ రోజే గేటు దాటాలి. వేరే ఏ తప్పుకైనా మా నాయన కసురుకుని వదిలేసేవాడు.

ఇక కూలి సంగతి. అప్పుడు ఊళ్ళో ఆడకూలి రోజుకు రెండొందల యాభై. మా నాయన మూడొందల ఇరవై ఇచ్చేవాడు. పక్క మండీల వాళ్ళు ఆయన్ను చూస్తే నవ్వేవాళ్ళు. నాకూ సిగ్గుగా ఉండేది. ఎందుకంటే ఆ ముందు ఏడాది వానలు పూర్తిగా పోయాయి, ఊళ్ళల్లో పని లేదు. పొద్దున్నే మా గేటు బయట పదిహేను, ఇరవై మంది ఆడవాళ్ళు సద్ది మూటలతో నిలబడేవాళ్ళు. ఎవరైనా రాకపోతే ఆ చోటు దొరుకుతుందేమోనని పది గంటల దాకా చూసి వెళ్ళిపోయేవాళ్ళు. సరుకు ఇంత దండిగా ఉన్నప్పుడు ధర పెంచి కొనేవాడిని వెర్రివాడంటారని నాకు కాలేజీలో చెప్పారు.

ఒకరోజు అడిగేశాను.

“నాయనా, బయట అంతమంది నిలబడినారు. రెండొందల యాభైకైనా వస్తామంటాండారు. నువ్వు మూడొందల ఇరవై ఎందుకిస్తాండావు?”

ఆయన గల్లాపెట్టె మీద రెండు గింజలు పెట్టాడు. “ఈ రెండిట్లో ఒకటి తడిపి ఒలిచింది. ఏదో చెప్పు.”

తిప్పి తిప్పి చూశాను. రెండూ ఒకటే. “తెలీలేదు” అన్నాను.

“నాకూ తెలీదు. రైతుకు తెలుస్తాది. వాన పడి, విత్తినాక, వారానికి తెలుస్తాది. అప్పుడు తెలిసి వాడేం చేస్తాడు? మళ్ళీ వాన తెస్తాడా?”

“అయితే కాపలా కూర్చో.”

“ముప్పై మందికి అరవై చేతులు. నాకుండేది రెండు కండ్లు. వాటికీ పొర వచ్చిందని డాక్టరు చెప్పె.”

“శేరుకు ఇంత అని పెట్టు. ఎంత ఒలిస్తే అంత కూలి.”

“శేరుకు ఇంత అంటే శేర్లు వస్తాయి మా, ఇత్తనం రాదు. ఎవరు ముందు తడిపితే వాళ్ళకే ఎక్కువ దుడ్లు.”

“చెడిపోయిన గింజకు కూలి కోసెయ్.”

“అందరి గింజా ఒకే కుప్పలో పడతాది. ఎవరిదని కోస్తావు?”

నా తెలివి అంతటితో అయిపోయింది. ఆయనే మళ్ళీ అన్నాడు. “చూడు మా. వీళ్ళు పోతే ఇట్లాంటి కూలి ఊర్లో ఇంకోచోట లేదు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. బయట నిలబడినోళ్ళు రోజూ కండ్లకు కనపడతాండారు. అందుకని నేను లేకపోయినా ఎవురూ తడపరు. ఇంకోటి, ఈడ పదేండ్లుగా వీళ్ళే ఉండారు. పక్క మండీలో ఏటికేడు కొత్తోళ్ళు, ఏటికేడు నేర్పేదే సరిపోతాది.”

“మరి బయట నిలబడినోళ్ళు?”

ఆయన అద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు. “అది మాత్రం నన్ను అడగొద్దు” అన్నాడు.

ఆయన అడగొద్దన్నది ఎవరి గురించో నాకు తెలుసు. ఆ గుంపులో కంబదూరు వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చే ఒకామె ఉండేది. ముప్పై ఐదేళ్ళుంటాయి. మొగుడు బెంగళూరులో బిల్డింగు పనికి పోయాడు. కూతురు తొమ్మిది అయిపోయి పదికి వచ్చింది. ఊళ్ళో రెండెకరాల మెట్ట. ఇక్కడ పని దొరికితే వానల దాకా నిలబడి, చేను విత్తుకుని, కూతురి పది పూర్తయ్యేదాకా ఊళ్ళోనే ఉండొచ్చు. దొరకకపోతే ఇంటికి బీగం వేసి, పిల్లను బడి మాన్పించి, తనూ బెంగళూరుకే. ఇదంతా ఆమె గేటు కమ్మీల సందులోంచి నాకు చెప్పింది. “నాకు రెండొందలిచ్చినా చాలు చిన్నమ్మా. లోపలికి మాత్రం రానీ” అనేది. రోజూ అదే మాట. నేను రోజూ తల ఊపి లోపలికి వచ్చేదాన్ని. లోపలికి వచ్చాక చేతిలో పుస్తకం ఉన్నా చదివేదాన్ని కాదు.

మే నెల మొదట్లో మా నాయన కళ్ళ ఆపరేషనుకు అనంతపురం పోయాడు. ఒక కన్ను అయ్యాక ఇంకో కన్ను, నెల రోజులు దుమ్ములోకి పోవద్దన్నారు. మా మేనత్త ఇంట్లో ఉండిపోయాడు. గల్లా తాళం నా చేతికి ఇస్తూ, “ఏదీ మార్చొద్దు” అన్నాడు. ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేదేమో.

లెక్క నా బుర్రలో ఎప్పుడో తయారుగా ఉంది. ముప్పై మందికి మూడొందల ఇరవై అంటే రోజుకు తొమ్మిది వేల ఆరొందలు. అదే రెండొందల యాభై అయితే ముప్పై ఎనిమిది మందికి ఇవ్వొచ్చు, ఇంకా వంద మిగులుతుంది. మండీకి పైసా భారం లేకుండా ఎనిమిది కుటుంబాలు నిలబడతాయి. ఇంత సులభమైన పుణ్యం మా నాయనకు ఎందుకు తట్టలేదా అని నిజంగా ఆశ్చర్యపోయాను. నాయన పోయిన మూడో రోజు షెడ్డులో నిలబడి ఆ లెక్క అందరికీ వివరించాను. చేతులు ఊపుకుంటూ చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అందరూ ఒలుపు ఆపకుండానే విన్నారు. పెద్దక్క మాత్రం చాట పక్కన పెట్టి, “మీ మండీ, మీ ఇష్టం చిన్నమ్మా” అంది.

మర్నాడు ముప్పై మందీ వచ్చారు. ఒక్కరు కూడా మానలేదు. డెబ్బై రూపాయలు ఊరికే పోతున్నాయని నేను అనుకున్నది నిజమేనన్నమాట! గేటు తీసి ఎనిమిది మందిని లోపలికి పిలిచాను. మొదటి పేరు కంబదూరామెదే. ఆమె గడప దగ్గర వంగి నేలను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పెద్దక్క పక్కన కూర్చోబెట్టి, “కొంచెం నేర్పించక్కా” అన్నాను. కంబదూరామె ఆ రోజు ఎంత ఇష్టంగా పని చేసిందంటే, సాయంత్రం ఆమె బస్సు పోతుందని నేనే లేపి పంపాల్సి వచ్చింది.

తర్వాత చిన్న చిన్న మార్పులు వచ్చాయి. పెద్దక్క అందరికంటే ముందు వచ్చి షెడ్డు ఊడ్చే మనిషి, ఇప్పుడు గంట కొట్టినట్లు సమయానికే వస్తోంది. ఊడవడం లేదు. “చుట్టాలింట్లో పెండ్లి” అని రెండు రోజులు మానేవాళ్ళు ఎక్కువయ్యారు. రెండో వారంలో ముగ్గురు పాతవాళ్ళు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరిపోయారు. “ఆడా ఇంతే ఇస్తారు చిన్నమ్మా, ఫ్యాను కూడా ఉండాది” అని ఫోనులో చెప్పారు. నేను దిగులు పడలేదు. గేటు తీస్తే ముగ్గురు కొత్తవాళ్ళు దొరికారు. మళ్ళీ ముప్పై ఎనిమిది.

పైగా పని పెరిగింది. మూటలు గబగబా నిండుతున్నాయి. ఉబ్బిపోయి మా నాయనకు ఫోను చేశాను. కూలి తగ్గించిన సంగతి చెప్పలేదు, పని ఎంత పెరిగిందో మాత్రం చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

“మనిషికి ఎన్ని శేర్లు వస్తాండాయి?” అన్నాడు.

చెప్పాను.

“పట్టలో పెట్టి చూసినావా?”

పట్టలో పెట్టడమంటే మొలక చూడడం. ఒక్కో మూట నుంచి పిడికెడు తీసి, వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టలో చుట్టి నీడలో పెడతాం. ఐదో రోజు విప్పి ఎన్ని మొలిచాయో చూస్తాం. ఎనభైకి తగ్గితే మా నాయన దాన్ని విత్తనంగా అమ్మేవాడు కాదు. నేను ఉత్సాహంలో ఆ పని మరిచిపోయాను. ఆ రోజే పెట్టాను. ఐదో రోజు విప్పితే యాభై ఎనిమిది. నాకు చేతకాలేదేమోనని మళ్ళీ పెట్టాను. అరవై ఒకటి.

షెడ్డు చివర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండు రోజులు రెప్ప వేయకుండా చూశాను. అందరి చేతుల్లోనూ ఎండు కాయే. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

మూడో రోజు పొద్దున కంబదూరామె కుళాయి దగ్గర చెంబు నింపుకుని నా ముందు నుంచే నడిచి వెళ్ళింది. తాగడానికనుకున్నాను. ఆమె తన చోట కూర్చుని, ముందున్న కాయల మీద ఆ నీళ్ళు చల్లి, గోనెపట్ట కప్పి, మీద నుంచి మెల్లగా అదిమింది. ముగ్గు వేసేముందు వాకిట్లో నీళ్ళు చల్లినంత మామూలుగా చేసింది.

నేను లేచి నిలబడ్డాను. “ఏం చేస్తాండావక్కా?”

“కాయ మెత్తబడేదానికి చిన్నమ్మా” అంది నవ్వుతూ. “ఇట్లే కదా ఈడ చేసేది?”

షెడ్డులో చప్పుడు మొత్తం ఆగిపోయింది. ఆమె చుట్టూ చూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. నన్ను చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో గానీ, గోనెపట్ట తీసేసి, ఆ తడి కాయలను కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఆ తుడవడం నేను చూడలేకపోయాను.

మా నియమం నేను కొత్తవాళ్ళకు చెప్పనే లేదు. పాతవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు కాబట్టి, చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. పాతవాళ్ళు నా కంట పడకుండా తడుపుతున్నారు. వాళ్ళను చూసి నేర్చుకున్న ఈమెకు అది దొంగతనమని తెలియదు కాబట్టి నా కళ్ళముందే చేసింది.

పెద్దక్కను మండీలోకి పిలిచి అడిగాను. దాచలేదు.

“తడిపినాం. నేనూ తడిపినా” అంది. “మూడొందల ఇరవై ఇచ్చినప్పుడు ఏలు పగిలినా ఎండు కాయే ఒలిచినాం. ఈ చోటు పోతే మళ్ళీ యాడ దొరుకుతాది అని. ఇప్పుడు నువ్విచ్చేది యాడికి పోయినా ఇస్తారు. పొమ్మంటే పోతాం. ఏలు మాత్రం మాదే కదా?”

“ఇన్నేండ్లు నాయన మిమ్మల్ని…” అని ఏదో అనబోయాను.

“మీ నాయన మమ్మల్ని మనుషులుగా చూసినాడు. నువ్వు మా కూలి కోసి, మా కండ్ల ముందరే ఇంకొకరికి పంచిపెడితివి. దానం చేసుకోవాలంటే నీ దుడ్లతో చేసుకోవల్ల” అంది. అనేసి, తనే కళ్ళు తుడుచుకుంది. “కోపమొచ్చింది చిన్నమ్మా. కోపంలో ఇత్తనం సంగతి మర్చిపోయినాం.”

నాయనకు ఫోను చేసి మొత్తం చెప్పేశాను. మధ్యాహ్నం బస్సుకే వచ్చాడు, నల్లద్దాలు పెట్టుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి తేలిక పడేదాన్ని. ఆ మూడు వారాలకు పైగా ఒలిచిన విత్తనమంతా నూనె మిల్లుకు పంపేశాడు. పుణ్యం చేయబోయి మొదటికే మోసం తెచ్చాను. వానలకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి, మిగిలిన కాయతో ఒలుపు మళ్ళీ మొదలుపెట్టాలి.

షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు. “రేపటి నుంచి మూడొందల ఇరవై. ముప్పై మందే. జరిగినదాన్ని నేనెవుర్నీ అడగను, తప్పు మా ఇంట్లో జరిగింది. రేపటి నుంచి తడిపినామె ఆ పొద్దే పోతాది” అన్నాడు. పాతవాళ్ళు ఇరవై ఏడు మంది. కొత్తవాళ్ళు పదకొండు మంది. వాళ్ళల్లో ముగ్గురికి చోటుంది, ఎనిమిది మందికి లేదు.

ఆ మూడు చోట్లలో ఒకటి కంబదూరామెకు ఇవ్వమని ఆ సాయంత్రం ఇంట్లో అడిగాను. ఆమె బీగం సంగతి, కూతురి పదో తరగతి సంగతి, రెండెకరాల సంగతి అన్నీ చెప్పాను. ఆయన వింటూ కూర్చున్నాడు.

“చెంబు పట్టుకుని తడిపింది ఆమేనా?”

“ఆమెకు తెలీదు నాయనా. తెలిసి తడిపినోళ్ళు ఇరవై ఏడు మంది లోపలుండారు.”

“తెలుసు.”

“ఇది న్యాయమా?”

“కాదు” అన్నాడు. అంత సూటిగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. “అందరినీ పంపిస్తే వానలకు ఇత్తనం ఉండదు. అది నీకూ తెలుసు. ఆమెను అందరూ చూసినారు. చూసినాక కూడా పెట్టుకుంటే, తడిపినా ఏం కాదని ముప్పై మందికీ తెలిసిపోతాది. ఇంక మూడొందల ఇరవై ఇచ్చినా ఒకటే, నాలుగొందలిచ్చినా ఒకటే. పోతాదనే భయం లేకపోతే నేనిచ్చే డెబ్బై పొట్టుకుప్పలో పోసినట్లే.”

“నువ్వు ప్రేమతో ఇస్తాండావనుకున్నా.”

“ప్రేమతోనే ఇస్తా” అన్నాడు. నల్లద్దాల వెనక ఆయన కళ్ళు నాకు కనిపించలేదు. “రెండూ ఉండాయి మా దాంట్లో.” లేచి తువ్వాలు భుజాన వేసుకుని, “రేపు నేను చెప్పేదా, నువ్వు చెప్తావా?” అన్నాడు.

నేనే చెప్తానన్నాను.

పొద్దున మొదటి బస్సు దిగి ఆమె గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాబోతుంటే కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మొన్నటిదాకా ఆ గేటు తీసినందుకు గర్వపడిన చెయ్యే. అన్నీ చెప్పాను. నియమం నేను చెప్పలేదని, తప్పు నాదేనని, అయినా చోటు లేదని. ఆమె సద్ది మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

“ముందే చెప్పింటే తడిపేదాన్ని కాదు కదా” అంది.

“అవునక్కా.”

“రెండొందలకైనా ఎండుకాయే ఒలిచేదాన్ని.”

“తెలుసక్కా.”

లోపల ఒలుపు చప్పుడు మొదలైంది. ఆమె ఆ వైపు చూసింది. “మీ నాయన ఇచ్చేది మంచి కూలి చిన్నమ్మా. ఎవురూ ఇయ్యరు అంత. ఇంకొంచెం తక్కువిస్తే మాకూ చోటుంటాది” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాటే చెప్పింది. ఆమె చెప్పిందే నేను చేసి చూశాను.

ఆమెకు ఏదైనా ఇవ్వాలని కొంత డబ్బు తెచ్చుకున్నాను. తీసుకోలేదు. “పని అడిగినా గానీ దుడ్లు అడగలే” అంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఆ మూడు వారాలు షెడ్డు మళ్ళీ పాత షెడ్డు అయింది. పెద్దక్క అందరికంటే ముందు వచ్చి ఊడ్చేది. రాయదుర్గం పోయిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి వస్తామని ఫోను చేశారు, చోటు లేదని చెప్పాం. ఎవరి ముందూ చెంబు కనబడలేదు. నేనూ వాళ్ళతో కూర్చుని ఒలిచాను, నాకు ఎవరూ కూలి ఇవ్వలేదు. మధ్యాహ్నం మొదట్లో నన్ను ముద్దకు పిలవలేదు. తర్వాత ఒకరోజు పెద్దక్కే పిలిచి నా చేతిలో సంగటి పెట్టింది, ఊరుబిండి ఎక్కువగా వేసి. తిని ఏడ్చాను. కారమని చెప్పాను. నా జీవితంలో అంత మంచి రోజులు, అంత నొప్పి రోజులు కలిసి వచ్చింది అప్పుడే. ఇప్పుడు మా నాయన లేడు; షెడ్డులో ఆ యంత్రం ఆపేసిన సాయంత్రాలు నాకు ఆ మూడు వారాలే గుర్తొస్తాయి.

పట్టలో వందకు తొంభై రెండు మొలిచాయి. జూన్‌లో పదును వాన పడింది. మా విత్తనం నాలుగు రోజుల్లో అమ్ముడుపోయింది.

నెల తర్వాత కంబదూరు రైతు ఒకాయన మండీకి వచ్చాడు, మా నాయనకు మంచి మాట చెప్పిపోదామని. ఆయనది ఆమె ఊరే అని తెలిసి, నేను గుర్తులు చెప్పి అడిగాను.

“ఆమెనా? పిల్లను కూడా తీసుకొని బెంగళూరు పాయె. ఇంటికి బీగం” అన్నాడు. తర్వాత మా నాయన వైపు తిరిగి, “ఆమె రెండెకరాలు ఈ ఏడు నేనే కౌలుకు పట్టినా అన్నా. మీ ఇత్తనమే వేసినా. చూడల్ల నువ్వు, ఒక్క సాలు కూడా తప్పకుండా మొలిచినాది” అన్నాడు.

మా నాయన ఎప్పుడూ అలాంటి మాటకు నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు, నా వైపు చూశాడు. నేను రైతుకు మజ్జిగ తేవడానికి లేచి లోపలికి వెళ్ళాను, వెళ్ళి చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను.